‘అద్దె పడలేదు’ అని ఎలా అనాలి?

మే నెల 9వ తేదీ పొద్దున మా పిన్ని పైపోర్షన్ అబ్బాయికి వాట్సాప్‌లో ఇలా రాసింది.

“బాబూ, గుడ్ మార్నింగ్. ఈ నెల కూడా అద్దె రాలేదు. ప్రతి నెలా నేనే గుర్తు చేయాల్సి వస్తోంది. మాకూ ఖర్చులుంటాయి కదా, మందులకే బోలెడవుతోంది. మీ అంకుల్ కూడా బాధపడుతున్నారు. మొన్న మోటారు ఆపకపోతే ట్యాంకు పొంగి గోడంతా తడిసింది. వీలైతే కొంచెం త్వరగా చూడండి.”

అరగంటకు జవాబొచ్చింది. “సారీ ఆంటీ, మోటారు మా చిన్నోడు వేశాడట. ఇక నుంచి జాగ్రత్తగా ఉంటాం.” అద్దె ఊసే లేదు. డబ్బు 14న పడింది.

పిన్ని రిటైరైన లెక్కల టీచరు. మల్కాజిగిరిలో కింద తాము ఉంటూ, పైన రెండు పడగ్గదుల పోర్షన్ అద్దెకిచ్చారు. అద్దె 16,000, మెయింటెనెన్స్ 1,200. ఏ నెల అద్దె ఆ నెల 5వ తేదీలోపు ఇవ్వాలని అగ్రిమెంటులో ఉంది. పైనవాళ్లు మంచివాళ్లే. గొడవల్లేవు, పండక్కి పిండివంటలు పంపుతారు, ఏ నెలా ఎగ్గొట్టలేదు. కానీ ఐదో తేదీ అన్నది వాళ్ల క్యాలెండర్లో ఉన్నట్టే లేదు. ఖాళీ చేయమనాలని పిన్నికి లేదు, ప్రతి నెలా అడగాలనీ లేదు. “సరిగ్గా ఎలా రాయాలో చెప్పరా” అంటూ ఫోను నా చేతికిచ్చింది. ఆ మెసేజీని మేమిద్దరం మూడు నెలల పాటు చెక్కుతూ వచ్చాం.

మెసేజీలో ఉన్నదేంటి, లేనిదేంటి

పిన్ని మెసేజీలో ఆరు సంగతులున్నాయి: పలకరింపు, అద్దె, పాత కోపం, మందుల ఖర్చు, బాబాయి బాధ, మోటారు. చదివినవాడు అందులో సులువైనదానికి జవాబిచ్చి ఊరుకున్నాడు. మోటారుకు సారీ చెప్పడానికి ఖర్చేముంది? అతను తప్పించుకున్నాడని పిన్ని అంది. నేనైతే ఆ దారి మెసేజీయే చూపించిందన్నాను. అద్దె మెసేజీలో అద్దె తప్ప ఇంకోటి ఉండకూడదు. మోటారు, చెప్పుల స్టాండు, రాత్రి పదకొండు దాటాక గేటు చప్పుడు, ఏదైనా సరే, వేరే రోజు వేరే మాటగా చెప్పాలి.

అంత పొడుగు మెసేజీలో లేనివి మూడు. ఎంత ఇవ్వాలో లేదు. ఎప్పటికివ్వాలో లేదు. ఏ నెలదో లేదు. “ఈ నెలది అని రాశాగా” అంది పిన్ని. అక్కడే ఉంది తిరకాసు. మన దగ్గర కొన్ని ఇళ్లలో నెల మొదట్లోనే ఆ నెల అద్దె తీసుకుంటారు, కొన్నిచోట్ల నెల గడిచాక తీసుకుంటారు. పైనవాళ్లు ఇదివరకున్న ఇంట్లో నెల గడిచాక ఇచ్చేవారట. అందుకని మే నెలలో ‘ఈ నెల అద్దె’ అంటే పిన్ని లెక్కలో మే అద్దె, అతని లెక్కలో ఏప్రిల్‌ది. నెలనెలా డబ్బు పడుతున్నంత కాలం ఈ తేడా బయటపడదు. ఇల్లు ఖాళీ చేసే రోజున అడ్వాన్సు లెక్క కట్టేటప్పుడు, ఒక నెల బాకీ ఉందా లేదా అని ఇద్దరూ నిజాయితీగానే పోట్లాడుకుంటారు. కాబట్టి నెల పేరు పెట్టి ‘మే అద్దె’ అనే రాయాలి.

‘వీలైతే’ అన్న మాట

తర్వాత మాటల దగ్గరికి వచ్చాం. చివరి వాక్యం చూడండి: “వీలైతే కొంచెం త్వరగా చూడండి.” అద్దె అడగడం మొహమాటమై ఈ వాక్యం రాసింది పిన్ని. కానీ ‘వీలైతే’ అన్నాక వీలు కాకపోతే ఇవ్వనక్కర్లేదనే కదా అర్థం! ‘కొంచెం త్వరగా’ అంటే ఎప్పుడు? ‘చూడండి’ అంటే ఏం చేయాలి? పైన ఐదు వాక్యాల్లో కోప్పడి, ఆఖరి వాక్యంలో గడువును తన చేత్తోనే చెరిపేసింది. ఆలస్యంగా ఇచ్చేవాళ్లకు పంపే మెసేజీల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే. కోపం ఎక్కువగా ఉంటుంది, తేదీ ఉండదు.

రెండో ముల్లు ‘ఈ నెల కూడా’లో ఉంది. ఆ ‘కూడా’ పాత నెలలన్నిటినీ మోసుకొస్తుంది. ‘ఇంకా’, ‘మళ్లీ’, ‘ప్రతి నెలా’ అన్నవీ అంతే. ఇవి చదివినవాడికి డబ్బు వేయాలన్న తొందర కన్నా ముందు తనను తాను సమర్థించుకోవాలన్న తొందర పుడుతుంది. ‘ఎందుకు వేయలేదు?’ అనడం కూడా ఇలాంటిదే. ఎందుకని అడిగితే కారణం వస్తుంది. కారణం విన్నాక జాలిపడాలి, లేదంటే నమ్మలేదని తేలాలి. రెంటివల్లా డబ్బు రాదు. అడగాల్సింది ‘ఎందుకు’ కాదు, ‘ఎప్పుడు’.

ఇక్కడ తెలుగులో మనకొక సౌకర్యం ఉంది. ‘మీరు అద్దె వేయలేదు’ అంటే వేలు చూపించినట్టుంటుంది. ‘అద్దె పడలేదు’ అంటే అందులో మనిషి లేడు, ఖాతా మాత్రమే ఉంది. జరిగింది రెండింటిలోనూ ఒకటే, కానీ రెండోదానిలో నింద లేదు. పైగా ఒకవేళ అతను డబ్బు పంపి, అది బ్యాంకు దగ్గర ఆగిపోయినా ఆ మాట అబద్ధం కాదు. అలాగే ‘వేయండి’ అంటే ఆజ్ఞ, ‘వేస్తారా’ అంటే అనుమానం, ‘వేయగలరు’ అంటే మర్యాదతో కూడిన గడువు. కార్యాలయాల ఉత్తరాల్లో వాడి వాడి అరిగిన మాటే అయినా, అద్దె మెసేజీలో దానికి పని ఉంది.

ఇదంతా విని పిన్ని రెండో చిత్తు రాసింది. ఈసారి పూర్తిగా అటు ఒరిగింది. “అగ్రిమెంటు నాలుగో షరతు ప్రకారం 5వ తేదీలోపు అద్దె చెల్లించనిచో చట్టపరమైన చర్యలు తీసుకొనబడును.” ఆ చర్యలేంటి పిన్నీ అని అడిగితే నవ్వేసింది. చేయలేని పనిని బెదిరింపుగా రాస్తే, ఒక నెల గడిచేసరికి అది ఉత్తుత్తిదని తెలిసిపోతుంది. ఆపైన ఎంత గట్టిగా రాసినా పనిచేయదు. ఆలస్య రుసుము సంగతీ అంతే. అగ్రిమెంటులో లేని రుసుమును మెసేజీలో పుట్టించలేం. అగ్రిమెంటులో రాసుకున్నా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే, రాసుకున్న మొత్తం దానికి పైహద్దు మాత్రమే. కరెంటు తీసేస్తాం, నీళ్లు ఆపేస్తాం అని రాయడం మరీ ప్రమాదం. రేపు గొడవైతే ఆ మెసేజీ ఇంటివారికే వ్యతిరేకంగా సాక్ష్యమవుతుంది.

మూడు మెసేజీలు

చివరికి తేలింది ఒక మెసేజీ కాదు, మూడు. మొదటిది గడువుకు రెండు రోజుల ముందు, 3వ తేదీ పొద్దున పది గంటలకు వెళ్తుంది.

“నమస్తే. జూన్ అద్దె 16,000, మెయింటెనెన్స్ 1,200, మొత్తం 17,200 రూపాయలు 5వ తేదీలోపు ఎప్పుడూ వేసే ఖాతాలో వేయగలరు. వేశాక ఇక్కడ ఒక మాట పెట్టండి, రసీదు పంపుతాను.”

ఇది గుర్తు చేయడమే కానీ అడగడం కాదు, ఎందుకంటే గడువింకా రాలేదు. ఆలస్యం కానప్పుడు పంపిన మెసేజీలో కోపానికి చోటుండదు, మొహమాటానికీ ఉండదు. రసీదు మాట ఊరికే పెట్టలేదు. పాత పన్ను విధానంలో ఉండి ఇంటి అద్దె భత్యానికి మినహాయింపు కోరే ఉద్యోగికి ఆఫీసులో అద్దె రసీదులు చూపించాల్సి వస్తుంది. ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటివారి పాన్ నంబరు కూడా కావాలి. రసీదు అతనికి అక్కరకొచ్చేది, అందుకే వేసిన రోజే అందితే బాగుంటుంది. అందులో డబ్బు నిజంగా అందిన తేదీయే వేయాలి. ఏడాది తిరిగేసరికి ఆ రసీదులే ఎవరూ కాదనలేని లెక్క అవుతాయి.

రెండోది 6వ తేదీ పొద్దున, ముందుగా ఖాతా చూసుకున్నాకే.

“జూన్ అద్దె 17,200 నిన్నటికి పడలేదు. ఏ తేదీకి వేస్తారో ఈ సాయంత్రంలోగా చెప్పగలరు.”

ఇందులో ‘వెంటనే వేయండి’ అని లేకపోవడం చూసి పిన్ని అభ్యంతరం చెప్పింది. చేతిలో డబ్బు లేనివాడిని వెంటనే వేయమంటే అతను చేయగలిగింది మౌనంగా ఉండటమే. తేదీ చెప్పమంటే మాత్రం జేబులో పైసా లేకపోయినా చెప్పగలడు. ఆ తేదీ అతని నోటినుంచి వచ్చింది కాబట్టి దాన్ని దాటడం ఐదో తేదీని దాటినంత తేలిక కాదు.

మూడోది అతను చెప్పిన తేదీ దాటితేనే. “12న వేస్తామన్నారు. ఈ ఉదయానికి పడలేదు. ఈ రోజు ఒకసారి మాట్లాడదాం, ఎన్నింటికి వీలవుతుంది?” దీనితో మెసేజీలు అయిపోయాయి. నాలుగోది ఉండదు. మూడింటికీ కదలని విషయం నాలుగోదానికి కదలదు, మాట్లాడితేనే కదులుతుంది.

మాటలు కుదిరాక కొన్ని కట్టుబాట్లు కూడా పెట్టుకున్నాం. మెసేజీ పంపేది పిన్ని ఒక్కతే. అంతకు ముందు ఆమె మెసేజీ పెట్టేది, బాబాయి మెట్ల మీద ఎదురైనప్పుడు “ఏం బాబూ, ఇంకా సర్దలేదా” అనేవాడు. పిల్లాణ్ని బడికి తీసుకెళ్తున్నవాడిని మెట్ల మీద అడిగితే ‘సాయంత్రం వేస్తానంకుల్’ అంటాడు. అది మాటే గానీ తేదీ కాదు. మెసేజీ వెళ్లేది అగ్రిమెంటు మీద సంతకం పెట్టినతనికే, అతని భార్యకు కాదు. అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్లయితే అందరి గ్రూపులో పెట్టడం అసలు వద్దు. పదిమందిలో పరువు పోయినవాడు ఆ నెల అద్దె ఇస్తాడు, మరుసటి నెల ఇంకో ఇల్లు వెతుక్కుంటాడు.

నోటుబుక్కు చెప్పిన సంగతి

జూన్ 3న మొదటి మెసేజీ వెళ్లింది. జవాబు లేదు. 6న రెండోది వెళ్లింది. గంటలో “12న వేస్తాను ఆంటీ” అని వచ్చింది. 12న డబ్బు పడింది, కానీ 10,000 మాత్రమే. పిన్ని మళ్లీ పాత గొంతు అందుకోబోతే ఆపి ఇలా రాయించాను: “10,000 అందింది. జూన్ అద్దెలో ఇంకా 7,200 ఉంది. అది ఏ తేదీకి?” 22న అన్నాడు, 22నే వేశాడు. కొంత డబ్బు వచ్చినప్పుడు ఎంత అందిందో, ఏ నెల ఖాతాలో జమ చేసుకున్నామో, ఎంత మిగిలిందో ఆ రోజే రాసి పంపాలి. లేకపోతే మిగిలింది వచ్చే నెల అద్దెలో కలిసిపోయి, మూడు నెలలయ్యేసరికి ఎవరి లెక్క వారిదవుతుంది.

మెసేజీ బాగుపడింది, తేదీ మాత్రం బాగుపడలేదు. అప్పుడు పిన్ని తన లెక్కల నోటుబుక్కు తీసింది. పైనవాళ్లు దిగింది డిసెంబర్‌లో. జనవరి నుంచి ప్రతి నెలకూ రెండు తేదీలు రాశాం: తను మెసేజీ పెట్టిన రోజు, డబ్బు పడిన రోజు. జనవరిలో 7న మెసేజీ, 13న డబ్బు. ఫిబ్రవరిలో 8, 12. మార్చిలో 6, 13. ఏప్రిల్‌లో 10, 12. మేలో 9, 14.

ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూడటంలోనే కీలకమంతా ఉంది. మెసేజీ ఎప్పుడు పెడితే దాని మర్నాడో ఆ మర్నాడో డబ్బు పడుతోందంటే, అతని దగ్గర డబ్బుంది, అడిగేదాకా ఆగుతున్నాడు. అలాంటివాడికి మెసేజీయే గడువు, దాన్ని ముందుకు జరిపితే డబ్బూ ముందుకొస్తుంది. ఒక నెల 6న, ఒక నెల 25న, ఒక నెల సగం, ఇలా చెల్లాచెదురుగా ఉంటే ఆదాయమే నిలకడగా లేదని అర్థం, అప్పుడు మెసేజీ చేయగలిగింది తక్కువ. పిన్ని నోటుబుక్కులో ఈ రెండూ లేవు. మెసేజీ 6న వెళ్లినా 10న వెళ్లినా డబ్బు మాత్రం 12కూ 14కూ మధ్యే పడింది. మెసేజీతో దానికి సంబంధమే లేదు. అంటే దాని వెనక ఇంకేదో తేదీ ఉంది.

“జీతం ఎప్పుడు పడుతుంది బాబూ?” అని పిన్ని ఒక ఆదివారం టీకి పిలిచి అడిగింది. పదో తేదీన, ఆదివారమో సెలవో అయితే ఇంకా వెనక్కి. అతనిది చిన్న కంపెనీ. ఇంట్లో దిగేటప్పుడు ఐదో తేదీ అంటే సరేనన్నాడు, ఇల్లు దొరికితే చాలన్న తొందరలో ఎవరైనా సరేనంటారు. జూన్‌లో సగమే ఎందుకు పడిందో కూడా అప్పుడే తెలిసింది. బడులు తెరిచే నెల, ఫీజు, పుస్తకాలు, యూనిఫాం అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. ఆర్నెల్లుగా పిన్ని రాసిన మెసేజీలన్నీ అతని చేతిలో లేని డబ్బును అడుగుతూ వచ్చాయి.

గడువును 12కు మార్చారు. ఇది ఉత్తినే జరిగే పని కాదు. పిన్నికి 7వ తేదీన చిట్టీ కట్టాలి. అద్దె డబ్బుతోనే అది కట్టేది కాబట్టి, ఒక నెల చిట్టీ సొమ్ము ముందుగా పక్కన పెట్టుకోవాల్సి వచ్చింది. ఐదో తేదీకే ఇంటి అప్పు వాయిదా ఉన్నవాళ్లకు ఇలా మార్చడం కుదరకపోవచ్చు. కుదిరినవాళ్లు నోటిమాటగా వదిలేయకుండా రాసి పెట్టుకోవాలి. “జూలై నుంచి అద్దె గడువు ప్రతి నెల 12వ తేదీ. అగ్రిమెంటులోని మిగతా షరతులు పాతవే” అని పిన్ని రాసింది, అతను సరేనని జవాబిచ్చాడు. రాయకపోతే ఏమవుతుంది? నెలల తరబడి 13న ఇచ్చినా మాట్లాడకుండా పుచ్చుకున్నారు కదా, అదే గడువనుకున్నాం అని రేపెవరైనా వాదించవచ్చు. ఇప్పుడా వాదనకు తావు లేదు. గడువు 12, దాటితే అది ఆలస్యమే.

మెసేజీ ఎక్కడిదాకా

ఈ పద్ధతికీ ఒక హద్దుంది. బాకీ పెరుగుతూ పోయి, చేతిలో ఉన్న అడ్వాన్సుకు దగ్గరపడుతుంటే అది గుర్తు చేసే దశ దాటినట్టే. రెండు నెలల అడ్వాన్సు ఉంటే, ఒక నెల బాకీ పూర్తిగా నిలిచిపోయి రెండోది మొదలైనప్పుడే మేల్కోవాలి. అప్పుడు కావాల్సింది మెసేజీ కాదు, నోటీసు. రెండూ ఒకటి కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం, ప్రత్యేక ఒప్పందమేదీ లేని నెలవారీ అద్దెను ముగించాలంటే 15 రోజుల గడువుతో నోటీసివ్వాలి. అది రాతలో, సంతకంతో ఉండాలి. పోస్టులో పంపాలి లేదా స్వయంగా అందించాలి. అగ్రిమెంటు ఉంటే అందులోని గడువు చూడాలి. ఆ పని వకీలుకు వదలాలి. కోపమొచ్చిన రాత్రి వాట్సాప్‌లో ‘ఇల్లు ఖాళీ చేయండి’ అని రాస్తే నోటీసు కాదు, పక్కవాళ్లతో మాటలు చెడటమే మిగులుతుంది.

పైనవాళ్ల విషయంలో అంతదాకా రాలేదు. జూలైలో 12న, ఆగస్టులో 11న పడింది. సెప్టెంబర్‌లో మళ్లీ 15 అయింది. కానీ ఈసారి 10వ తేదీనే అతని మెసేజీ వచ్చింది: “ఆంటీ, జీతం ఆలస్యమవుతుందన్నారు. 15న వేస్తాను.” పిన్ని ‘సరే బాబూ’ అని ఊరుకుంది. ఆమె అడగకముందే తేదీ రావడం అదే మొదటిసారి.

అన్నీ సర్దుకున్నాయి కదా, ఇక ఆ ముందు మెసేజీ ఎందుకులే, ఆపేస్తాను అంది పిన్ని ఈ మధ్య. ఆపొద్దన్నాను. ఆలస్యమైన నెలలో మాత్రమే వెళ్లే మెసేజీ చూడగానే నింద అవుతుంది, అందులో ఎంత మర్యాద ఉన్నా సరే. ప్రతి నెలా ఒకే తీరున వెళ్లేది కరెంటు బిల్లు లాంటిది, దాన్ని చూసి ఎవరూ నొచ్చుకోరు. పిన్ని ఇప్పటికీ ప్రతి నెలా 10వ తేదీ పొద్దున పది గంటలకు, నెల పేరు ఒక్కటే మార్చి, ఆ రెండు వాక్యాలూ పంపుతోంది. మోటారు సంగతి మాత్రం మెట్ల మీదే మాట్లాడుకుంటున్నారు.